మీ మాట వాడుకోవచ్చా అండీ?

పని బాగా చేశారు, డబ్బులు అందాయి, పార్టీ సంతోషంగా ఉన్నాడు. అయినా "మా పని గురించి నాలుగు మాటలు రాసిస్తారా" అని అడగడానికి నోరు రాని చిన్న వ్యాపారులు మన ఊళ్లలో చాలామంది. ధైర్యం చేసి అడిగినవాళ్లకు ఎదురయ్యేది ఇంకో రకం చిక్కు. "అయ్యో, దానికేముందండీ, తప్పకుండా రాసిస్తా" అంటాడు పార్టీ. రాయడు. వారం ఆగి గుర్తుచేస్తే "ఈ వారం ఇచ్చేస్తా" అంటాడు. మూడోసారి గుర్తుచేసేసరికి ఫోనెత్తడం మానేస్తాడు. అప్పుడు అడిగినవాడికి అనుమానం మొదలవుతుంది: మన పని నిజంగా నచ్చలేదేమో, మొహం మీద చెప్పలేక తప్పించుకుంటున్నాడేమో అని. నాకైతే అలా అనిపించదు. నచ్చినవాడే రాయలేక ఆగిపోతున్నాడు. మనకు కావలసింది అతని అభిప్రాయం, దాన్ని నలుగురికీ చూపించుకునే అనుమతి. మనం అడుగుతున్నది మాత్రం ఒక వ్యాసం. రాసే పని మనం నెత్తిన వేసుకుని, అనుమతి ఒక్కటే అతన్ని అడిగితే, జవాబు వెంటనే వస్తుంది. ఈ మాటనే కాస్త వివరంగా చెబుతాను.

లెక్కలు కళ్లకు కనపడే వ్యాపారం ఒకటి తీసుకుందాం. గుంటూరు జిల్లాలో ఇళ్లకీ స్కూళ్లకీ పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న సంస్థ ఉందనుకోండి. అది ఒక ప్రైవేటు స్కూలు డాబా మీద 10 కిలోవాట్ల సోలార్ పెట్టింది. నెట్ మీటర్ వచ్చి, మూడు నాలుగు బిల్లులు కూడా వచ్చాయి. బిల్లు తగ్గింది. కరస్పాండెంట్ గారు సంతోషంగా ఉన్నారు. చుట్టుపక్కల మండలాల్లో ఇలాంటి స్కూళ్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటి యజమానులు నమ్మేది కంపెనీ కరపత్రాన్ని కాదు, తమలాంటి మరో స్కూలు నడిపే మనిషి మాటని. ఆ మాట సంపాదించడం ఎలా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

ముందు అడగడానికున్న జంకు సంగతి. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో కొంతమందిని పిలిచి, తెలియని మనుషుల దగ్గరికి వెళ్లి ఒక ప్రశ్నావళి నింపమని అడగమన్నారు. ఎంతమందిని అడిగితే కావలసినంతమంది ఒప్పుకుంటారో ముందే అంచనా వేయమన్నారు. తీరా అడిగాక చూస్తే, అనుకున్న దాంట్లో దాదాపు సగం మందిని అడిగితేనే పని అయిపోయింది. అడిగేవాడు, అవతలివాడు ఒప్పుకుంటే అతనికి పడే శ్రమనే తూచుకుంటాడు. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి కాదని చెప్పడం అవతలివాడికి ఎంత ఇబ్బందో లెక్కలో వేసుకోడు. అదే ఈ తేడాకి కారణమని వాళ్ల వివరణ. ఇందులో ఒక శుభవార్త ఉంది, ఒక హెచ్చరిక కూడా ఉంది. మనం అనుకునే దానికన్నా ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయితే అందులో కొందరు ఇష్టపడి కాక, కాదనలేక ఒప్పుకుంటారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఒప్పుకున్నవాడు కూడా ఎందుకు రాయడు? కరస్పాండెంట్ గారి వైపు నుంచి చూడండి. జూలైలో ఆయన చేతిలో ఫీజుల బకాయిలున్నాయి, బస్సుల ఫిట్‌నెస్ ఉంది, మానేసిన లెక్కల మాస్టారి స్థానంలో మరొకర్ని వెతకడం ఉంది. వీటి మధ్య తెల్లకాగితం ముందు కూర్చుని సోలార్ గురించి ఏం రాయాలో, ఎంత రాయాలో, తెలుగులో రాయాలో ఇంగ్లిషులో రాయాలో తేల్చుకోవాలి. అది మొదటి బరువు. తన పేరు ఎక్కడ కనపడుతుందో, బిల్లు అంకెలు బయటికొస్తే ఎవరేమనుకుంటారో, రేపు ప్యానెళ్లు పాడైతే "నువ్వు చెబితేనే కదా పెట్టించాం" అని ఎవరైనా ఇంటి మీదికి వస్తారేమో, ఇది రెండో బరువు. స్కూలు ఒక సొసైటీ పేరు మీద ఉంటే సెక్రటరీని అడగకుండా స్కూలు పేరు వాడుకోమనే అధికారం తనకుందో లేదో, ఇది మూడోది. "రాసిస్తారా" అనే ఒక్క ముక్కలో మనం ఈ మూడూ ఆయన మీద పడేస్తున్నాం. ఆయన రాయకపోవడంలో వింతేముంది?

మొదటి బరువు దించడం పూర్తిగా మన చేతుల్లో ఉంది, ఎందుకంటే సంతృప్తిపడ్డ మనిషి ఎప్పుడో ఒకప్పుడు తనంతట తానే మాట్లాడతాడు. సోలార్ విషయంలో అది సాధారణంగా బిల్లు చేతికొచ్చిన రోజు. బిగించిన రోజున ఇంకా ఏమీ తేలదు. ఆఖరి వాయిదా డబ్బు రావలసి ఉన్నప్పుడు అడిగితే బేరంలా ఉంటుంది. ఇన్వర్టర్ ఫిర్యాదు పెండింగులో ఉన్నప్పుడు అడిగితే చివాట్లు తప్పవు. పూర్తి నెల బిల్లు వచ్చి, ఆయనే ఫోన్ చేశారనుకోండి. ఇలా అన్నారనుకోండి: "మొదట్లో నాకు నమ్మకం లేదండీ. మా బావమరిది వాళ్లకి ఎవరో వేసి పోయారు, మళ్లీ కనపడితే ఒట్టు. మీరేమో ఎర్ర లైటు వెలిగిందంటే మర్నాడే మనిషిని పంపారు. బిల్లు తగ్గింది, అది సరే. మనిషొచ్చాడు చూశారూ, అదీ." ఇంతకంటే మంచి మాట ఏ రచయితా రాయలేడు. ఫోన్ పెట్టేలోపే అడగాలి: "మీరిప్పుడన్న మాట రాసి పంపుతాను, చూసి చెప్తారా?" ఆయన చేయాల్సింది చూడటమే, రాయటం కాదు. ఫోన్ పెట్టగానే, మాటలు చెవిలో ఉండగానే, అన్నది అన్నట్టుగా కాగితం మీద పెట్టుకోవాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే అవి మన మాటలైపోతాయి.

ఇక దిద్దుబాటు. బావమరిది సంగతి తీసేయాలి. అది ఆయన ఇంటి విషయం, పైగా ఇంకో సంస్థ మీద నింద. "మొదట్లో నమ్మకం లేదు" అన్న ముక్కని మాత్రం తీయకూడదు. చాలామంది ముందు కత్తిరించేది దాన్నే. పొగడ్త మధ్యలో ఈ అనుమానం ఎందుకని వాళ్ల ఆలోచన. చదివేవాడికి ఉన్నది సరిగ్గా అదే అనుమానం కాబట్టి, ఆ ముక్క పోతే తక్కినదంతా గాలిలో తేలిపోతుంది. దిద్దాక మిగిలేది ఇది: "మొదట్లో నాకు నమ్మకం లేదు. ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగిందని ఫోన్ చేస్తే మర్నాడే మనిషిని పంపారు. బిల్లు తగ్గింది, అది సరే. పిలిస్తే మనిషి వస్తున్నాడు." దీని బదులు "అత్యున్నత నాణ్యత, సకాలంలో సేవలు, అందరికీ సిఫారసు చేస్తున్నాను" అని రాసి పంపితే కరస్పాండెంట్ గారు సరేనంటారేమో కానీ, అది ఏ కంపెనీ గురించైనా ఎవరైనా అనగలిగే మాట. చదివినవాడు అది ఎవరు రాశారో ఇట్టే పసిగడతాడు.

తర్వాత ఆ రోజే వాట్సాప్‌లో వెళ్లే మెసేజ్. నా లెక్కలో అది ఇలా ఉండాలి: "కరస్పాండెంట్ గారికి నమస్కారం. పొద్దున మీరన్న మాటలు కింద రాశాను, ఏదైనా మార్చాలంటే మార్చండి. మా కరపత్రంలోనూ వాట్సాప్ కేటలాగులోనూ రెండేళ్లు వాడుకోవాలని ఉంది. 1 అంటే మీ పేరు, స్కూలు పేరుతో వాడమని. 2 అంటే పేర్లు లేకుండా, గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూలు అని రాయమని. 3 అంటే వద్దని. అంకె ఒక్కటి పంపితే చాలండీ. సొసైటీ సెక్రటరీ గారిని అడగాలంటే ఈ మెసేజే వారికి పంపొచ్చు. తర్వాత ఎప్పుడు వద్దన్నా కేటలాగులోంచి వారంలో తీసేస్తాం. అప్పటికే పంచేసిన కరపత్రాలను వెనక్కి తేలేం, కొత్తగా మాత్రం వేయం. మీరు 3 పంపినా మా సర్వీసులో తేడా ఉండదు."

ఈ మెసేజ్‌లో ఉన్న ప్రతి ముక్కా పైన చెప్పిన బరువుల్లో ఒకదాన్ని దించుతుంది. అందులో అన్నిటికన్నా విలువైంది రెండో అంకె. పేరు పెట్టుకోవడం ఇష్టంలేని మనిషికి అవునుకీ కాదుకీ మధ్య చోటు లేకపోతే, అతను కాదనడు, ఊరుకుంటాడు. పేరు లేని మాటకి విలువేముంటుందని అడగొచ్చు. పేరున్నదానితో పోలిస్తే తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఫలానా జిల్లా, ప్రైవేటు స్కూలు, 10 కిలోవాట్లు, ఎర్ర లైటు వెలిగిన మర్నాడు మనిషి రావడం వంటి వివరాలుంటే, పేరు లేకపోయినా అది నిజమైన స్కూలే అనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చిన్న మండలంలో సోలార్ ఉన్న స్కూలు ఒక్కటే అయితే మండలం పేరు రాయడమంటే స్కూలు పేరు రాసినట్టే. అందుకే జిల్లాతో ఆపేయాలి. కరపత్రాల గురించి మెసేజ్‌లో ఉన్న ఒప్పుకోలు కూడా కావాలనే పెట్టింది. అచ్చయినదాన్ని వెనక్కి తీసుకుంటామని మాటిచ్చేవాళ్లుంటారు. అది నిలబెట్టుకోలేని మాట.

దీనిమీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనదే. అవుననడం ఇంత సులువు చేస్తే మనిషిని మొహమాటంలో పడేసి ఒప్పించినట్టు కాదా? మన దగ్గర మొహమాటం చిన్న విషయం కాదు. సోలార్ రిపేరుకి రేపు మళ్లీ ఈ సంస్థనే పిలవాలి కదా అన్న ఆలోచన కరస్పాండెంట్ గారి మనసులో ఉండితీరుతుంది. అందుకే మెసేజ్‌లో వద్దు అనే మాట కూడా అవును ఉన్నంత దగ్గర్లోనే, ఒక్క అంకె దూరంలోనే ఉండాలి. దీనివల్ల అనుమతులు తగ్గిపోతాయని భయపడేవాళ్లకి ఇంకో ఆధారం చెబుతాను. ఫ్రాన్సులో నికొలా గెగాన్, అలెగ్జాండర్ పాస్కల్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, దారినపోయేవాళ్లని బస్సు చార్జీకి చిల్లర అడిగారు. మామూలుగా అడిగితే 10 శాతం మంది ఇచ్చారు. "ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం" అన్న ముక్క కలిపితే 47 శాతం పైగా ఇచ్చారు. ఇదొక్కటే అయితే నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు, పైగా గెగాన్ చేసిన కొన్ని ఇతర అధ్యయనాల మీద తర్వాత గట్టి ప్రశ్నలే లేచాయి. కానీ క్రిస్టఫర్ కార్పెంటర్ అనే పరిశోధకుడు ఇలాంటివి 42 అధ్యయనాలు ఒకచోట చేర్చి 2013లో పరిశీలించినప్పుడు కూడా ఆ ప్రభావం నిలబడింది. ఆయన చూపించిన మరో విషయం మనకి ఇంకా ముఖ్యం. జవాబు అప్పటికప్పుడు ఇచ్చే వీలు లేకపోతే ఆ ప్రభావం తగ్గిపోతుంది. అంకె ఒక్కటి పంపితే చాలు అనడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే అది 3 కిందే లెక్క. మౌనం అర్ధాంగీకారం అనే సామెతకు ఇక్కడ చోటు లేదు.

రెండో అభ్యంతరం నిజాయితీ గురించి. పార్టీ మాటని మనమే రాసి పంపితే అది కల్పన కాదా? ఆయన అనని మాట రాస్తే కల్పనే, ఆయన సంతకం పెట్టినా కల్పనే. ఆయన అన్నదాన్ని కుదించి, చూపించి, ఒప్పుకున్నాకే వాడితే అది విలేకరి రోజూ చేసే పనే. చట్టం కూడా ఈ గీతే గీసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో వాడే అభిప్రాయం ఆ మనిషికి నిజంగా ఉన్నదై ఉండాలి, మరీ పాతబడనిదై ఉండాలి, ఆ వస్తువు గురించి అతనికి తగిన సమాచారమో అనుభవమో ఉండాలి. నేను మెసేజ్‌లో రెండేళ్లు అని గడువు పెట్టడానికి పాతబడకూడదన్న ఈ షరతే కారణం. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకొకటి ఉంది. చెప్పినవాడికీ కంపెనీకీ మధ్య, చూసేవాడు ఊహించని లాభసంబంధం ఏదైనా ఉంటే బయటపెట్టాలి. కాబట్టి నాలుగు మాటలు చెబితే ఏడాది సర్వీసింగ్ ఫ్రీ అనే బేరం పెట్టుకుంటే ఆ సంగతి కూడా కరపత్రంలో వేయాలి. వేశాక ఆ పొగడ్తని ఎవరు నమ్ముతారు? బేరం లేకుండా అడగడమే మేలు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అన్నట్టు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, డాక్టర్లు ఈ ప్రసంగం విని వెంటనే మెసేజ్‌లు పంపకండి. ప్రకటనల విషయంలో మీ వృత్తి నియమాలు పెట్టిన హద్దులు వేరు, అవి చూసుకున్నాకే ఏదైనా.

ఇంకొందరు అంటారు, ఆయనే వాట్సాప్‌లో మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాడు, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకుంటే తప్పేమిటని. ఆయన ఆ మాట మీతో అన్నాడు, ఊరితో అనలేదు. స్క్రీన్‌షాట్‌లో ఆయన ఫొటో, ఫోన్ నంబరు, ఒక్కోసారి పైన డబ్బు సంగతి మాట్లాడుకున్న మెసేజ్ కూడా పడతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అనుమతి ఎలా ఉండాలో చెప్పింది: స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, షరతులు లేకుండా, ఒక చర్యతో తెలిపినదై ఉండాలి. ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలికగా ఉండాలి. మనం పంపిన మెసేజ్‌లోని 1, 2, 3 అంకెలు ఈ కొలతకి సరిగ్గా సరిపోతాయి. ఆ అంకె ఉన్న చాట్‌ని దాచుకోవాలి. ఏడాదిన్నర తర్వాత కొత్త కరస్పాండెంట్ వచ్చి "ఎవరిచ్చారు అనుమతి" అని అడిగితే చూపించాల్సింది అదే.

నాలుగు మాటలు ఒక మెట్టు. ఫలానా చోట ఏం పని చేశాం, ఏం తేలింది అని అంకెలతో రాసే కేస్ స్టడీ ఇంకో మెట్టు. రెండూ ఒకేసారి అడగకూడదు. మొదటిదానికి 1 పంపినవాడిని, కరపత్రం అచ్చయ్యాక ఒక కాపీ చేతికిచ్చి, రెండోది అడగొచ్చు. ఇక్కడ అడగాల్సింది అంకెల గురించి, ఫొటోల గురించి. మన స్కూలు అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం. పోయినేడు జూలైలో కరెంటు 1,850 యూనిట్లు కాలింది. ఈ జూలైలో గ్రిడ్ నుంచి తీసుకున్నవి 980, గ్రిడ్‌కి పంపినవి 210, అంటే నికరంగా 770. తగ్గింది 1,080 యూనిట్లు. జూలైని జూలైతోనే పోల్చాలి. మేతో పోలిస్తే వేసవి సెలవుల వల్ల స్కూలు బిల్లు ఎలాగూ తక్కువే ఉంటుంది, మార్చితో పోలిస్తే ఎండ లెక్క మారిపోతుంది. రూపాయల్లో కాక యూనిట్లలోనే రాయాలి, ఎందుకంటే టారిఫ్ మారొచ్చు, ట్రూ అప్ చార్జీలు వచ్చి పడొచ్చు, అప్పుడు తగ్గిన రూపాయలు మన సోలార్ గొప్పతనాన్నీ చూపవు, లోపాన్నీ చూపవు. ఈ ఏడాది స్కూల్లో కొత్త కంప్యూటర్ ల్యాబ్ పెట్టినా, ఒక సెక్షన్ ఎత్తేసినా ఆ సంగతి పక్కనే రాయాలి. బిల్లు ఫొటో పెట్టదలిస్తే సర్వీసు నంబరు, పేరు, చిరునామా కప్పేసి, కప్పిన ఫొటోనే ఆయనకి పంపి అడగాలి. ఇక స్కూలు ఫొటోల్లో పిల్లలు పడకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి, కరస్పాండెంట్ గారి అనుమతి చాలదు. ఆదివారం ఉదయం డాబా ఎక్కి తీసుకుంటే ఆ చిక్కే ఉండదు.

ఇన్ని తంటాలెందుకు, పని ఒప్పుకునేటప్పుడే వర్క్ ఆర్డర్‌లో "మీ పేరు, ఫొటోలు ప్రచారానికి వాడుకుంటాం" అని ఒక లైను వేసేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. ఫలితం ఏమిటో తెలియకముందే దాని గురించి చెప్పడానికి ఒప్పుకోమనడం ఇది. పైగా పని కావాలంటే సంతకం పెట్టాల్సిందే కాబట్టి అందులో స్వేచ్ఛ ఎక్కడుంది? అయితే మొదటి రోజు చేయాల్సిన పని ఒకటుంది. ఎన్ని కిలోవాట్లు పెట్టాలో తేల్చడానికి గత 12 నెలల బిల్లులు ఎలాగూ అడుగుతారు. ప్యానెళ్లు బిగించాక వాటిని పారేయకుండా ఫైల్లో ఉంచాలి. ఏడాది తర్వాత కేస్ స్టడీ రాయబోతే "పోయినేటి బిల్లులు ఎక్కడున్నాయో చూడాలండీ" అన్న మాట దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతుంటాయి.

మరి 3 పంపినవాళ్ల సంగతి? "అలాగేనండీ, పర్వాలేదు" అని జవాబిచ్చి, ఫైలు మీద ఆ సంగతి రాసుకోవాలి, ఆఫీసులో ఇంకొకరు మళ్లీ అడగకుండా. 3 పంపినవాళ్లలో కొందరు అచ్చులో పేరు వద్దంటారు కానీ, "ఎవరైనా అడిగితే నా నంబరివ్వండి, చెప్తాను" అంటారు. మన దగ్గర పెద్ద పనులు కుదిరేది చాలాసార్లు అలాంటి ఫోన్ల మీదే. కానీ అదీ అనుమతే, దానికీ హద్దులున్నాయి. నంబరు ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక మెసేజ్ పెట్టాలి: "తెనాలి నుంచి ఒక స్కూలువాళ్లు రేపు సాయంత్రం ఫోన్ చేస్తామంటున్నారు, ఇవ్వమంటారా?" నెలకి ఒకరిద్దరికి మించి పంపకూడదు. ఎవరైనా ఫోన్ చేశాక ఆ పని కుదిరిందో లేదో ఆయనకి తెలియజేయాలి.